ఈ అమ్మాయి నాకేమీ కాదు

మెయిలు వచ్చినప్పుడు నేను క్వార్టర్ వెనకాల బట్టలు ఆరేస్తన్నాను. తడి చేత్తోనే ఫోను తీసి చూసేను. రెండు లైన్లు చదివేసరికి నా నోట్లోంచి ఎలాంటి కేక వచ్చిందో నాకే తెలీదు. అమ్మ పప్పు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఎవులు పోయేరే?"

"ఎవరూ పోలేదమ్మా. పరీక్ష పాసయ్యేను!"

"ఏ పరీక్ష? చదువు అయిపోయింది గదా?"

చదువు అయిపోయింది. దుర్గ్ కాలేజీలో హిందీ ఎమ్మే. మా నాన్న వైపు గానీ అమ్మ వైపు గానీ డిగ్రీ అంటూ తెచ్చుకున్నది నేనే మొదలు. నాన్న భిలాయి స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్సు దగ్గర పని, పదో తరగతి దాకా వెళ్ళి ఆగిపోయేడు. నా డిగ్రీ జిరాక్సు ఒకటి టిఫిన్ బాక్సు సంచీలో పెట్టుకుని వారం రోజులు షిఫ్టుకి మోసుకెళ్ళేడు. అడిగినోళ్ళకి చూపించేడు, అడగనోళ్ళకి ముందు చూపించేడు.

ఇప్పుడు పాసయ్యింది కాలేజీ పరీక్ష కాదు. ఒక పెద్ద అనువాదాల ఏజెన్సీ పెట్టిన పరీక్ష. కంపెనీల కాగితాలు, మందుల డబ్బాల్లో మడతపెట్టి పెట్టే కాగితాలు, ఫోన్లో యాపులు, ఇలాంటివన్నీ ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్పిస్తారు ఆళ్ళు. ఇంట్లో కూర్చుని పని చేసేవాళ్ళని ప్యానెల్లో, అంటే ఆళ్ళ జాబితాలో, పెట్టుకుంటారు. నేను హిందీలోంచి తెలుగులోకి అని దరఖాస్తు పెట్టేను. భిలాయిలో పుట్టి పెరిగిన పిల్లకి తెలుగు రాయడం ఎలా వచ్చిందంటే, చర్చిలో ఆదివారం బడి. పాటలు తెలుగులో పాడాలి, తెలుగులోనే రాసి చూపించాలి. మా ఈడు పిల్లలు అందరూ హిందీలో గుసగుసలాడుకునేవారు. నాకు మాత్రం ఆ గుండ్రటి అక్షరాలు నచ్చీవి.

నాన్న ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటంటే ఎదురుగా కూర్చుని మెయిలంతా చదివి వినిపించేను. పరీక్ష బాగా రాసేరు, మీ తెలుగు నచ్చింది, ఇక మిగిలింది రెండు రిఫరెన్సులు, శుక్రవారం లోపల.

"రిఫరెన్సంటే సిఫారసే గదా," అన్నాడు నాన్న, ముద్ద కలుపుతూ. "దానికేటి భాగ్యం. మన పాస్టర్ గారున్నారు. యూనియన్ ఆపీసులో మన పెద్దాయనున్నాడు. ఇద్దరి సేతా రాయించేద్దాం. స్టాంపు కూడా కొట్టిస్తాను."

"పాస్టర్ గారు కాదు నానా. నా చేత పని చేయించుకున్నోళ్ళు చెప్పాలి. క్లయింట్లు."

"పాస్టర్ గారు నిన్ను పుట్టినకాడ్నుంచి సూస్తన్నారు. అంతకంటే ఎవుడికి తెలుసు నీ గురించి?"

"నా గురించి కాదు, నా పని గురించి అడుగుతారంట."

నాన్నకి ఈ మాట అంత రుచించలేదు. మనిషిని వదిలేసి పని గురించి అడగడమేటి అన్నట్టు చూసి, పచ్చడి వేసుకున్నాడు.

నాకు సరిగ్గా క్లయింట్లు అనదగ్గవాళ్ళు ఇద్దరే. మిగతావన్నీ తెలిసినోళ్ళ పెళ్ళి కార్డులు, బయోడేటాలు, అవి చెప్పుకునే పనులు కావు. ఒకరు దుర్గ్‌లో కంటి ఆస్పత్రి. ఆపరేషన్ అయ్యేక కంట్లో చుక్కలు ఎలా వేసుకోవాలి, ఎన్నాళ్ళు తలస్నానం చెయ్యకూడదు, ఆ కాగితాలు తెలుగులో నేనే రాసిచ్చేను. మర్నాడు పొద్దున్నే అక్కడి మేనేజర్ దీదీకి మెయిల్ పెడితే మధ్యాన్నానికల్లా సరేనంది, ఫారం నింపి పంపేసింది.

రెండోది బాబాయ్.

బాబాయ్ అంటే మా నాన్న తమ్ముడు కాదు. నాన్న వాళ్ళ ఊరికీ ఆయన ఊరికీ మధ్య ఒక వాగుందంట, శ్రీకాకుళం వైపు. ఇద్దరూ ఇక్కడికి వచ్చేకే కలిసేరు. మా దగ్గర పెద్దోళ్ళని పేరు పెట్టి పిలవడం, సార్ అనడం ఉండదు. నాన్న కన్నా చిన్నయితే బాబాయ్, పెద్దయితే పెదనాన్న. మా టౌన్‌షిప్‌లో సెక్టర్ 2 నుంచి రిసాలి దాకా నాకు ఎంతమంది బాబాయ్‌లున్నారో లెక్కపెడితే మా తాతకి ఒక పటాలమంత కొడుకులుండాలి.

ఈ బాబాయ్ మొదట్లో ప్లాంటు లోపల రిగ్గరు, అంటే బరువులెత్తే తాళ్ళూ గొలుసులూ చూసుకునే పని. తరవాత తనే కాంట్రాక్టరు అయ్యేడు. ప్లాంటులో పెద్ద మరమ్మతులు వచ్చినప్పుడు మన వైపు నుంచి కూలీల్ని, ఫిట్టర్లని తీసుకొస్తాడు. గేటు లోపలికి పోకముందు ఆళ్ళకి సేఫ్టీ ట్రైనింగు ఉంటుంది. పుస్తకం హిందీలో, మనుషులు తెలుగు వాళ్ళు. ఆ పుస్తకం, గోడలకి అంటించే పోస్టర్లు తెలుగులోకి మార్చమని నాకిచ్చేడు. చదువు అయిపోయిన కొత్తలో నాకు దొరికిన మొదటి పెద్ద పని అదే. ఆ కాంట్రాక్టు అయిపోయేక మళ్ళీ అలాంటి పని ఆయనకి రాలేదు. క్రిస్మస్ నాడు చర్చి బయట కనిపించి కేకు ముక్క చేతిలో పెట్టడం తప్ప రెండేళ్ళుగా మా మధ్య పని మాటే లేదు. ఇన్నాళ్ళకి, అదీ నా అవసరానికి అడగాలంటే మొహమాటంగానే ఉంది.

ఫోన్ చేసి అడిగెయ్యమంది అమ్మ. కానీ క్లయింటు ఒప్పుకున్నట్టు రాతలో ఉండాలి, అడక్కుండా పేరు ఇవ్వకూడదు అని ఏజెన్సీ ముందే చెప్పింది. బాబాయ్‌కీ అదే అలవాటు. గేటు పాసులు, టెండర్లు అన్నీ మెయిలు మీదే నడుస్తాయి. "ఫోన్లో చెప్పింది గాలికిపోద్ది, మెయిలు కొట్టు" అనేది ఆయన రోజువారీ మాట.

ముందు నెట్లో వెతికి, ఇంగ్లీషులో నమూనా ఒకటి దొరికితే దాన్నే దించేను. చదువుకుంటే ఎవరో బేంకు వాళ్ళు లోను కట్టమని రాసినట్టుంది. తుడిచేసేను. తెలుగులో మొదలెట్టేను. పైన ఏమని పిలవాలి అన్న దగ్గరే పది నిమిషాలు ఆగేను. సార్ అని రాస్తే, "ఎప్పుడయ్యేనే నేను సారు?" అని ఇంటికొచ్చి మరీ తిడతాడు. చివరికి ఇలా రాసేను:

"బాబాయ్ గారికి నమస్కారాలు. రెండేళ్ళ కిందట మీ కూలీల ట్రైనింగు కోసం సేఫ్టీ పుస్తకం, పోస్టర్లు నేను హిందీలోంచి తెలుగులోకి మార్చి ఇచ్చేను, మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఒక పెద్ద అనువాదాల ఏజెన్సీకి దరఖాస్తు పెట్టుకున్నాను. పరీక్ష పాసయ్యేను. నా చేత పని చేయించుకున్నవాళ్ళని ఇద్దరిని వాళ్ళు అడుగుతారంట. మీ పేరు, మెయిలు ఐడీ ఇవ్వచ్చా? మీరు సరేనంటేనే ఇస్తాను. వాళ్ళు మీకు చిన్న ఫారం పంపుతారు. ఏ పని చేసేను, టైముకి ఇచ్చేనా, పని ఎలా ఉంది, మళ్ళీ ఇస్తారా అని అడుగుతారు. ఉన్నదున్నట్టు రాస్తే చాలు. శుక్రవారం లోపల అయిపోవాలి. ఆ పుస్తకం మీ కంపెనీకి చేసిందని బయటికి చెప్పడం మీకు ఇష్టమో కాదో అది కూడా చెప్పండి. మీకు తీరిక లేకపోతే ఏమీ అనుకోను, ఒక్క మాట చెప్పండి. పిన్నిని అడిగేనని చెప్పండి."

పంపి, టీ పెట్టుకుని, టీ పొంగేలోపల జవాబు వచ్చేసింది. "ఓకే బేటా. ఇచ్చేయ్. పుస్తకం సంగతి చెప్పుకో."

వెంటనే ఆయన పేరు ఏజెన్సీకి పంపేసేను. ఆ సాయంత్రం నేను నడిచినట్టు లేదు, తేలినట్టుంది. పక్క క్వార్టర్ ఆంటీకి, పాల భయ్యాకి, కూరల బండి అమ్మకి చెప్పేసేను. కూరల బండి అమ్మ ఛత్తీస్‌గఢీలో ఏదో దీవెన పెట్టి, కొత్తిమీర కట్ట ఊరికే ఇచ్చింది.

బుధవారం పొద్దున్న ఏజెన్సీ నుంచి మెయిలు వచ్చింది. రాసింది ఆళ్ళ మేనేజరమ్మ, మాలాంటి వాళ్ళని ప్యానెల్లోకి తీసుకునే పని ఆవిడదే. చాలా మర్యాదగా రాసింది. మీ రెండో రిఫరెన్సు ఇచ్చినాయన మీ కుటుంబ సభ్యుడని మాకు అర్థమైంది. బంధువులు ఇచ్చిన రిఫరెన్సులు మేం తీసుకోలేం. శుక్రవారం లోపల ఇంకో క్లయింటు పేరు పంపండి. మేం పొరపాటు పడితే చెప్పండి. ఈసారి కుదరకపోతే తెలుగుకి మళ్ళీ ఎప్పుడు తీసుకుంటామో ఇప్పుడే చెప్పలేం.

ఇంకో క్లయింటు ఎక్కడినుంచి తేవాలి నేను? నిన్న నా కబురు విన్న కూరల బండి అమ్మ గుర్తొచ్చింది. కొత్తిమీర తిరిగి ఇచ్చెయ్యాలేమో అనిపించింది.

అమ్మకి చదివి చెప్పేను. అమ్మ తప్పెక్కడుందో అర్థం కానట్టు చూసింది.

"బాబాయ్ కాడేటి మరి?"

"సొంత బాబాయ్ కాదు గదమ్మా."

"సొంతమేటి, పరాయేటి. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆస్పత్రిలో రాత్రంతా కూకున్నది ఎవులు? మీ నాన్న సొంత తమ్ముడా? ఆడికి నువ్వు ఎన్నో క్లాసో కూడా తెలీదు."

నాన్న ఆ రోజు వీక్లీ ఆఫ్. మంచం మీద పడుకుని అంతా విన్నాడు. కొంచెంసేపటికి లేచి, "అయితే ఇప్పుడు ఆయన సేత ఏటని రాయించాలి?" అన్నాడు.

"నేను ఆయనకి బంధువుని కాదని."

నాన్న చొక్కా తొడుక్కోబోయి ఆగేడు. "నేను రాను. నా ఎదురుగుండా ఆ మాట అడగలేవు నువ్వు. ఎల్లి అడుగు. కానీ మెల్లిగా అడుగు."

స్కూటీ మీద దుర్గ్‌లో బాబాయ్ ఆఫీసుకి వెళ్ళేంతసేపూ ఆ మాట ఎలా అడగాలో సాధన చేస్తూనే ఉన్నాను. ఆస్పత్రిలో కుర్చీలో కూర్చుని తలకి తడిగుడ్డ వేసిన మనిషిని, మీరు నాకేమీ కారని రాసివ్వండి అని ఏ భాషలో అడుగుతాం? రెండు భాషలు వచ్చిన నాకు రెండిట్లోనూ దొరకలేదు.

బాబాయ్ ఆఫీసంటే ఒక షెడ్డు. సగంలో బల్ల, కంప్యూటరు. మిగతా సగంలో హెల్మెట్లు, తాళ్ళ చుట్టలు, నడుముకి కట్టుకునే సేఫ్టీ బెల్టులు మేకులకి వేలాడుతూ. నేను వెళ్ళేసరికి భజియాలు, అంటే మన పకోడీలు, తింటన్నాడు.

"రా తల్లీ రా! ఏజెన్సీ మేడమ్ వచ్చేసింది! భజియా తిను. ఏటీ, ఉద్యోగం వచ్చేసిందా? రాకేం చేస్తాది, నేను రాసింది అలాటిలాటి రాత కాదు."

"ఏం రాసేరు బాబాయ్?"

"అడగవేటా అని సూస్తన్నాను." చెయ్యి తుడుచుకుని ఫోను తీసేడు. నింపిన ఫారం కాపీ ఆయన మెయిలుకి వచ్చిందంట. హిందీలో రాసిందాన్ని గొంతు సవరించుకుని తెలుగులో చెప్పుకొచ్చేడు. "పని ఎలా ఉంది అని అడిగేరు. నేను రాసేను, ఈ అమ్మాయి మా ఇంటి ఆడపిల్ల. ఈళ్ళ నాన్నా నేనూ ఒక్క నీళ్ళు తాగినోళ్ళం. చిన్నప్పట్నుంచి నా చేతుల మీద పెరిగింది. చర్చిలో పాట పాడితే వినాలి. చెడు సావాసాలు లేవు. కళ్ళు మూసుకుని పని ఇవ్వండి. టైముకి ఇస్తాదా అని ఇంకో ప్రశ్న. దానికి, మా పెంపకం అలాంటిది అని రాసేను. కింద నా పేరు, బ్రాకెట్లో చాచా, అంటే బాబాయ్ అని."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేయి. భజియా నోట్లో పెట్టుకున్నాను, ఏదీ బయటికి రాకుండా.

"ఏటలా ఉన్నావు? బాగోలేదా?"

"చాలా బాగుంది బాబాయ్. కానీ ఆళ్ళు తీసుకోలేదు."

జరిగింది చెప్పేను. మెయిలు చూపించేను. ఆయన రెండుసార్లు చదివేడు.

"సొంత మనిషి చెప్తే తీసుకోరా?"

"తీసుకోరు."

"ఎవుడో దారినపోయే పరాయోడు చెప్తే తీసుకుంటారా?"

"పని చేయించుకున్న పరాయోళ్ళయితే తీసుకుంటారు."

"ఇదేటి ఎదవ ఏజెన్సీయే!" అన్నాడు. "నేను కుర్రోళ్ళని ఎలా తీసుకుంటాననుకుంటన్నావు? మొదటి మాట, ఎవరి తాలూకా అని అడుగుతాను. ఫలానా వోడి బామ్మర్ది అన్నాడా, సంచి లోపల పెట్టు అంటాను. ఎవుడికీ ఏమీ కానోణ్ణి నేనెలా నమ్ముతాను?"

"సంచి లోపల పెట్టమంటారు. వెంటనే పైకి ఎక్కించేస్తారా?"

"ఎక్కడికి పైకి?"

"పనిలో. అంత ఎత్తుకి. బామ్మర్దే గదా అని బెల్టు కట్టుకోవడం వచ్చో రాదో చూడకుండా ఎక్కించేస్తారా?"

బాబాయ్ నా వైపు చూసి, మేకులకి వేలాడుతున్న బెల్టుల వైపు చూసేడు. "అలా ఎలా ఎక్కిస్తాను? కింద నాలుగడుగుల మీద నిలబెట్టి, కట్టించి, లాగి సూస్తాను. నా సొంత కొడుకైనా సరే."

"ఆళ్ళూ అదే చూస్తన్నారు బాబాయ్. మీరు సంచి లోపల పెట్టించేరు. ఆళ్ళు బెల్టు లాగి చూడాలంటన్నారు."

ఆయన టీ గ్లాసు తీసుకున్నాడు గానీ తాగలేదు.

"అంటే నువ్వు నాకేటీ కావని రాసియ్యాలా?"

"బంధువుని కాదని. అంతే."

"అదే గదే. ఏటి తేడా?"

మెయిల్లో బంధువులు అన్న మాట మీద వేలు పెట్టి మళ్ళీ చూపించేను.

ఆయన తన కుర్చీ నా వైపు తిప్పేడు. "సరే, నువ్వే రాసెయ్యి. కంప్యూటర్ అదిగో. నా పేరు మీద పంపించేద్దాం. నీకంటే బాగా ఎవుడు రాస్తాడు?"

"నేను రాయకూడదు బాబాయ్."

"ఎవుడికి తెలుస్తాది? ఇక్కడ అందరూ అలాగే చేస్తారు. సర్టిఫికెట్ కావలసినోడే రాసుకొస్తాడు, పెద్ద మనిషి సంతకం పెడతాడు."

"నాకు తెలుస్తాది గదా. మీరే చెప్పాలి. నా పనిలో నచ్చనిది ఉంటే అది కూడా చెప్పండి."

"అలాగేటి?" అన్నాడు, ఏదో గుర్తొచ్చినట్టు. "అయితే ఆవిడ నంబరియ్యి."

మేనేజరమ్మ నంబరు మెయిలు కిందే ఉంది. ఆయన డయల్ చేస్తంటే నేను లేచి బయటికెళ్ళేను. నా గురించి ఆయన చెప్పేది నేను కూర్చుని వినడం పద్ధతి కాదు. కానీ ఫర్నేసుల పక్కన పనిచేసిన మనుషుల గొంతు ఎలా ఉంటుందో మా టౌన్‌షిప్‌లో పుట్టినోళ్ళకి తెలుసు. ఆళ్ళు గుసగుస పెట్టినా నాలుగు ఇళ్ళకి వినిపిస్తుంది. షెడ్డు గేటు దాకా వెళ్ళి స్కూటీ మీద కూర్చున్నా ఆయన హిందీ మొత్తం నా చెవిలోనే పడింది.

"నమస్తే మేడమ్. ఆ తెలుగు అమ్మాయి సంగతి... హా జీ, నేనే, చాచా అని రాసినోణ్ణి." కొంచెం ఆగేడు. "లేదు మేడమ్. చుట్టరికం లేదు. మా వైపు పెద్దోళ్ళని అలాగే పిలుస్తారు, అంతే. ఈ అమ్మాయి నాకేమీ కాదు."

చెప్పించుకుందామని వచ్చిన మాటే. అయినా విన్నప్పుడు ఎలాగో అయ్యింది. స్కూటీ అద్దం తిప్పి అటూ ఇటూ సర్దేను.

"అరే మేడమ్, చుట్టమే అయితే డబ్బులెందుకు ఇస్తాను? ఊరికే చేయించుకుందును గదా!" అటువైపు ఆవిడ నవ్వినట్టుంది, ఈయనా నవ్వేడు. "హా. పుస్తకం, పోస్టర్లు. హిందీ నుంచి తెలుగు. నా కంపెనీ నుంచే పని ఇచ్చేను, కాగితాలున్నాయి, పంపిస్తాను. టైముకి ఇచ్చింది. ట్రైనింగు మొదలయ్యే ముందే నా బల్ల మీదుంది."

తరవాత ఆవిడ ఏదో పెద్ద ప్రశ్నే అడిగినట్టుంది. బాబాయ్ గొంతు మారింది.

"నచ్చనిదా? ఉంది మేడమ్, చెప్తాను. ఈ పిల్ల ప్రశ్నలతో చంపేసింది నన్ను. ఇచ్చింది తీసుకుని రాసియ్యచ్చు గదా? లేదు. ఫోన్ మీద ఫోను. ఈ కొక్కేన్ని మీ మనుషులు ఏమని పిలుస్తారు, ఈ బొమ్మలో మనిషి ఎడమ పక్క నిలబడ్డాడు, రాతలో కుడి అనుంది, ఏది నిజం, హిందీలో ఈ వాక్యం రెండు రకాలుగా ఉంది, ఏది పెట్టమంటారు. నేను సైటు మీద ఉంటాను, గొలుసు గాల్లో ఉంటాది, ఈమె ఫోను. ఒకరోజు విసుగొచ్చి అరిచేసేను కూడా. అరిచినా మానలేదు! మా ఫోర్‌మేన్ దగ్గరికెళ్ళి అడిగి రాసుకుంది. మళ్ళీ పని ఇస్తే ఇదే గోల, మీరు కూడా కాచుకోండి."

నేను అద్దంలో నా మొహం చూసుకుంటూ, అయిపోయింది, ఇక కూరల బండి అమ్మకి ఏం చెప్పుకోవాలి అనుకుంటన్నాను.

అటు ఆవిడ ఏదో చెప్తున్నట్టుంది. తరవాత బాబాయ్ గొంతు, మెల్లిగా, నిజంగా మెల్లిగా: "అవునా? ... అదే కావాలా మీకు? ... అచ్ఛా."

నన్ను పిలిచేడు. వెళ్ళేను. ఆయన బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎవరో ఆయన బొమ్మని తలకిందులుగా చూపించినట్టు కూర్చున్నాడు.

"ఆవిడేటంటాదో తెలుసా? అనుమానం వస్తే అడిగేవాళ్ళే దొరకట్లేదంట. తెలీకపోయినా ఊహించి రాసేస్తారంట జనం. నేను తిట్టిందంతా ఆవిడకి నచ్చేసింది!"

"మరి?"

"మరేటి. చెప్పిందే మెయిల్లో రాసి కంపెనీ ఐడీ నుంచి పంపమంది. అప్పుడు పని ఇచ్చిన కాగితం కూడా జతచెయ్యమంది."

ఆయన ఒక్క వేలితో కొట్టుకుంటూ రాసేడు. నేను తొంగిచూడలేదు. మిగిలిన భజియాలు నమిలేను, చల్లారిపోయినా. మధ్యలో ఒకసారి తలెత్తి, "చిరాకు అని రాయనా, గోల అని రాయనా?" అని అడిగేడు.

"నన్ను అడక్కండి బాబాయ్."

"చూసేవా? ఇప్పుడు ప్రశ్నలొద్దంటాది!"

పంపించేక నన్ను గేటు దాకా దిగబెట్టేడు. స్కూటీ స్టార్ట్ చేసేను. హేండిల్ మీద చెయ్యేసి ఆపేడు.

"మీ నాన్నకి చెప్పకు."

"ఏది?"

"అదే. నువ్వు నాకేమీ కావని చెప్పేనని. ఏజెన్సీ ఏదో పొరపాటు పడింది, సరిచేసేనని చెప్పు, చాలు."

నాన్న ఆ సంగతి తెలిసే ఇంట్లో ఉండిపోయేడని నేను ఆయనకి చెప్పలేదు. ఇంటికొచ్చి నాన్నకి, పొరపాటు పడ్డారు, సరిచేసేడు అని మాత్రమే చెప్పేను. నాన్న తలూపేడు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటంటే మధ్యలో నాకేటి.

శుక్రవారం నేను అమ్మతో పాటు వడియాల పిండి కలుపుతూ కూర్చున్నాను. ఫోన్ని కావాలనే లోపల మంచం మీద పెట్టేను. మోగినా వెంటనే వెళ్ళకూడదని పందెం వేసుకున్నాను నాతో నేను. మోగింది. పందెం ఓడిపోయేను. పిండి చేత్తోనే తెరిచేను.

రెండు రిఫరెన్సులూ అందేయి. మా ప్యానెల్లోకి స్వాగతం. ఒప్పందం కాగితాలు, పని గురించి బయట ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాల్సిన కాగితం జతచేసేం, సంతకాలు పెట్టి పంపండి. మొదటి పని వచ్చే వారం ఇస్తాం.

ఈసారి కేక పెట్టలేదు. అమ్మ దగ్గరికెళ్ళి మెల్లిగా చెప్పేను. అమ్మ పిండి చేతులతో నా మొహం పట్టుకుంది, బుగ్గలకి పిండి అంటుకుంది, దాన్ని తుడవబోయి ఇంకా పులిమింది. నాన్న సెకండ్ షిఫ్టులో ఉన్నాడు. ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వని చోట పని, బ్రేక్‌లో బయటికొచ్చి చేస్తాడు. ఆ ఫోన్ వచ్చినప్పుడు చెప్పేను. తరవాత నాన్న ఎవరితోనో, ఫోను పక్కకి పెట్టి, "మా పిల్ల" అనడం వినిపించింది.

రిఫరెన్సు ఇచ్చినవాళ్ళకి ఫలితం చెప్పి థాంక్సు చెప్పాలి గదా. కంటి ఆస్పత్రి దీదీకి ముందు రాసేను. తరవాత బాబాయ్‌కి. మొన్న పది నిమిషాలు ఆలోచించిన చోట ఈసారి ఆలోచించలేదు.

"గౌరవనీయులైన క్లయింటు గారికి నమస్కారాలు. మీరిచ్చిన రిఫరెన్సు అందింది. నన్ను ప్యానెల్లో తీసుకున్నారు. నా ప్రశ్నలు భరించినందుకు, భరించలేకపోయేనని చెప్పినందుకు కూడా మీకు రుణపడి ఉంటాను. మీ కంపెనీకి మళ్ళీ తెలుగు పని పడితే తప్పకుండా తెలియజేయగలరు."

చర్చి గంట మోగేవేళకి జవాబు వచ్చింది. ఎప్పటిలాగే రెండు ముక్కలే.

"ఆదివారం భోజనానికి రా. కోడి కోయిస్తాను, మీ అమ్మనీ నాన్ననీ కూడా తీసుకురా. ఇట్లు, నీకేమీ కాని బాబాయ్."